ఆ గీత మొక్కల గురించా, సగటు గురించా?

జీవశాస్త్రం ప్రాజెక్టు రిపోర్టు ఏది తెరిచినా ఎక్కడో ఒక చోట కమ్మీ గ్రాఫు కనిపిస్తుంది. ప్రతి కమ్మీ నెత్తిన ఒక సన్నని నిలువు గీత, దాని రెండు కొసలా చిన్న అడ్డగీతలు ఉంటాయి. దీన్ని ఎర్రర్ బార్ అంటారు. చూసేవాళ్లు ఆ గీత పొట్టిగా ఉంటే ప్రయోగం బాగా జరిగిందని, పొడుగ్గా ఉంటే ఏదో తేడా వచ్చిందని అనుకుంటారు. కానీ ఆ గీత పొడవు ఎంతో చెప్పేది ప్రయోగం ఒక్కటే కాదు. గీసినవాళ్లు దేన్ని గీయాలనుకున్నారన్నది కూడా చెబుతుంది. ఒకే ప్రయోగం, ఒకే కొలతలు, ఒకే సగటు ఉన్నా ఒకరి గ్రాఫులో గీత మూడింతలు పొడుగ్గా, మరొకరి గ్రాఫులో పొట్టిగా ఉండొచ్చు. లెక్కలో ఇద్దరూ తప్పు చేసి ఉండరు. ఒకరు స్టాండర్డ్ డీవియేషన్ గీశారు, మరొకరు స్టాండర్డ్ ఎర్రర్ గీశారు, అంతే. ఏది గీశారో కింద రాయకపోతే మాత్రం ఆ రెండు గ్రాఫుల్లో ఏదీ చదవడానికి పనికిరాదు.

డిగ్రీ విద్యార్థి ఎవరైనా చేయగలిగిన ప్రయోగం ఒకటి తీసుకుని చూద్దాం. పెసర గింజలు నానబెట్టి, పద్దెనిమిది కాగితపు కప్పుల్లో కప్పుకి ఒక్కటి చొప్పున నాటాం. తొమ్మిది కప్పులకి మామూలు నీళ్లు పోశాం. మిగిలిన తొమ్మిదింటికి లీటరుకి సుమారు 3 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు పోశాం. ఏడో రోజున స్కేలు పెట్టి మొక్కల పొడవు కొలిచాం. ఇక్కడ ఇస్తున్న అంకెలు లెక్క చూపించడానికి నేను కూర్చినవి.

మామూలు నీళ్ల మొక్కలు సెంటీమీటర్లలో 12.1, 13.4, 11.0, 14.2, 12.8, 10.6, 13.9, 12.5, 11.1. సగటు 12.4. ఉప్పునీళ్ల మొక్కలు 10.2, 12.0, 9.4, 11.8, 10.9, 9.1, 12.6, 11.3, 9.9. సగటు 10.8. రెండు సగటుల మధ్య తేడా 1.6 సెంటీమీటర్లు.

ముందు మొదటి గుంపునే చూడండి. నీళ్లు ఒకటే, వెలుతురు ఒకటే, విత్తనాల పొట్లం కూడా ఒకటే. అయినా ఒక మొక్క 10.6 దగ్గర ఆగింది, ఇంకొకటి 14.2 దాకా పోయింది. ఇది కొలతలో తప్పు కాదు, మొక్కల స్వభావం. ఈ ఎగుడుదిగుడు ఎంతుందో చెప్పే అంకే స్టాండర్డ్ డీవియేషన్, పాఠ్యపుస్తకాల్లో ప్రామాణిక విచలనం. ప్రతి మొక్క సగటుకి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి కూడితే 13.64 వస్తుంది. దాన్ని తొమ్మిదితో కాక ఎనిమిదితో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 1.3 సెంటీమీటర్లు. ఎనిమిదితో ఎందుకంటే, సగటును కూడా ఆ తొమ్మిది మొక్కల నుంచే తీశాం కాబట్టి వాటి దూరాలు అసలు కంటే కాస్త చిన్నవిగా కనిపిస్తాయి. ఒకటి తగ్గించి భాగిస్తే ఆ లోటు సరిపడుతుంది. ఉప్పునీళ్ల గుంపుకి ఇదే లెక్క చేస్తే సుమారు 1.2 వస్తుంది.

ఇప్పుడు వేరే ప్రశ్న. మరో తొమ్మిది గింజలు నాటి ఇదే ప్రయోగం మళ్లీ చేస్తే సగటు మళ్లీ 12.4 వస్తుందా? సరిగ్గా అంతే రాదు. 12.0 రావచ్చు, 12.9 రావచ్చు. అయితే ఒక్కో మొక్క ఊగినంతగా సగటు ఊగదు. తొమ్మిదింటిలో పొడుగువీ పొట్టివీ కలుస్తాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. సగటు ఎంత మేరకు ఊగుతుందో అంచనా వేసేది స్టాండర్డ్ ఎర్రర్. దాని లెక్క చాలా సులువు. స్టాండర్డ్ డీవియేషన్‌ను మొక్కల సంఖ్య వర్గమూలంతో భాగించాలి. తొమ్మిదికి వర్గమూలం మూడు, కాబట్టి మొదటి గుంపుకి 0.44, రెండో గుంపుకి 0.41.

ఈ రెండు అంకెల మధ్య అసలు తేడా మొక్కల సంఖ్య పెంచినప్పుడు బయటపడుతుంది. తొమ్మిదికి బదులు ముప్ఫై ఆరు మొక్కలు నాటితే స్టాండర్డ్ డీవియేషన్ ఇంచుమించు 1.3 దగ్గరే ఉంటుంది. ఎక్కువ మొక్కల్ని కొలిచినంత మాత్రాన పెసర మొక్కలన్నీ ఒకే పొడవుకి రావు కదా. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం సగానికి, అంటే 0.22కి పడిపోతుంది. తొమ్మిది వందల మొక్కలు నాటితే అది 0.04 దాకా దిగుతుంది. మొదటిది మొక్కల గురించి చెబుతుంది, రెండోది సగటు మనకు ఎంత గట్టిగా తెలుసో చెబుతుంది.

కాబట్టి ఏది గీయాలన్న ప్రశ్నకి జవాబు గ్రాఫులో ఉండదు. ఆ గ్రాఫు కింద మీరు రాయబోయే వాక్యంలో ఉంటుంది. మామూలు నీళ్లతో పెరిగిన పెసర మొక్కలు వారంలో ఎంత పొడవు ఉంటాయి, వాటిలో తేడాలు ఎంత అని చెప్పదలిస్తే స్టాండర్డ్ డీవియేషన్ గీయాలి. ఒక కొలనులో పట్టిన చేపల బరువులు, ఒక ఊరి పిల్లల ఎత్తులు, ఒక వరి రకంలో కంకికి ఎన్ని గింజలున్నాయో చెప్పే అంకెలు, ఇవన్నీ ఈ కోవలోవే. చదివేవాళ్లకి అక్కడ కావలసింది వాటి వైవిధ్యం. ఉప్పు వల్ల సగటు పొడవు తగ్గిందా అన్నదే రిపోర్టు అడిగే ప్రశ్న అయితే, సగటు ఎంత కచ్చితమో చూపే గీత కావాలి. అక్కడ స్టాండర్డ్ ఎర్రర్‌కి చోటుంది. దానికంటే మెరుగైనది 95 శాతం విశ్వసనీయతా అవధి, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

రెండింటినీ తారుమారు చేస్తే ఏమవుతుందో మన తొమ్మిది మొక్కలతోనే చూడొచ్చు. 12.4కి అటూ ఇటూ 0.44 అంటే 11.96 నుంచి 12.84 వరకు. ఈ హద్దుల్లో పడే మొక్కలు మూడే: 12.1, 12.5, 12.8. మిగిలిన ఆరూ బయటే ఉన్నాయి. ఎవరైనా ఈ గీతను మొక్కల వైవిధ్యంగా చదివితే తొమ్మిదింటిలో ఆరు మొక్కలు వింతవని అనుకోవాల్సి వస్తుంది. అదే 12.4కి అటూ ఇటూ రెండు స్టాండర్డ్ డీవియేషన్లు తీసుకుంటే 9.8 నుంచి 15.0 దాకా, తొమ్మిదీ లోపలే ఉంటాయి. రక్తపరీక్ష కాగితంలో మన అంకె పక్కన ముద్రించే సాధారణ పరిమితులకూ పునాది ఇలాంటి ఆలోచనే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సుమారు 95 శాతం మంది పడే హద్దులవి. వాటిని పొరపాటున సగటు స్టాండర్డ్ ఎర్రర్‌తో లెక్కగడితే, ఎంత ఎక్కువ మందిని పరీక్షించి ఆ హద్దులు గీస్తే అంత ఎక్కువ మంది ఆరోగ్యవంతులు రోగుల జాబితాలో చేరతారు.

ఇప్పుడు రెండు గుంపుల్నీ పక్కపక్కన పెడదాం. స్టాండర్డ్ డీవియేషన్ గీస్తే మొదటి గీత 11.1 నుంచి 13.7 వరకు, రెండోది 9.6 నుంచి 12.0 వరకు ఉంటుంది. రెండూ ఒకదాని మీదకు ఒకటి వచ్చాయి. చూడగానే తేడా ఏమీ లేదనిపిస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్ గీస్తే మొదటిది సుమారు 12.0 దగ్గర మొదలవుతుంది, రెండోది 11.2 దగ్గర ముగుస్తుంది. మధ్యలో స్పష్టమైన ఖాళీ ఉంటుంది. కొలతలు అవే అయినా మొదటి గ్రాఫు చూసినవాళ్లు ఉప్పు ప్రభావం లేదనుకుంటారు, రెండోది చూసినవాళ్లు ఉందనుకుంటారు. నిజం తెలియాలంటే టీ-పరీక్ష చేయాలి. తేడా 1.6, ఆ తేడాకి స్టాండర్డ్ ఎర్రర్ 0.6, టీ విలువ సుమారు 2.7. పీ విలువ 0.02 లోపే వస్తుంది. అంటే ఉప్పుకి ప్రభావమే లేదనుకుంటే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం నూటికి రెండు కన్నా తక్కువ. స్టాండర్డ్ డీవియేషన్ గీతలు కలిసిపోయినా సగటుల తేడా నిలబడింది. ఆ గీతలు కలవడానికీ సగటులు వేరు కావడానికీ నేరుగా సంబంధం లేదు.

దీన్నిబట్టి స్టాండర్డ్ ఎర్రర్ గీతలు తాకకపోతే తేడా ఉన్నట్టేనని ఒక సూత్రం తయారు చేసుకుంటారు చాలామంది. అది కూడా తప్పే. రెండు గుంపుల స్టాండర్డ్ ఎర్రర్ సమానంగా ఉండి, గీతల కొసలు సరిగ్గా తాకుతున్నాయనుకోండి. అప్పుడు సగటుల తేడా రెండు స్టాండర్డ్ ఎర్రర్లు. తేడాకి ఉండే స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం ఒక్కోదానికి 1.41 రెట్లు. భాగిస్తే టీ విలువ 1.41 దగ్గరే ఆగుతుంది, అది ఏ గుర్తింపుకీ చాలదు. గుంపుకి పది దాకా ఉంటే కొసల మధ్య ఇంకో స్టాండర్డ్ ఎర్రర్ అంత ఖాళీ ఉండాలి, అప్పుడు పీ విలువ 0.05 దరిదాపుల్లోకి వస్తుంది. గుంపుకి మూడే ఉంటే ఆ ఖాళీ రెండింతలు కావాలి. ఈ గందరగోళం విద్యార్థులది మాత్రమే కాదు. శారా బెలియా, జెఫ్ కమింగ్ తదితరులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో మనస్తత్వశాస్త్రం, నాడీశాస్త్రం, వైద్య రంగాల పరిశోధకుల్ని ఇదే అడిగారు. ప్రచురణలున్న పరిశోధకుల్లోనే ఎందరో గీతలు తాకడాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారనీ, స్టాండర్డ్ ఎర్రర్ గీతకీ విశ్వసనీయతా అవధికీ తేడా పట్టించుకోలేదనీ తేలింది.

అందుకే పోల్చడమే ఉద్దేశమైతే నేను 95 శాతం విశ్వసనీయతా అవధికే ఓటేస్తాను. స్టాండర్డ్ ఎర్రర్ గీతలో ఒక దాపరికం ఉంది. అది ఎంత నమ్మకాన్నిస్తుందో గుంపు పరిమాణాన్ని బట్టి మారిపోతుంది. నమూనాలు చాలా ఉంటే, అసలు సగటు ఆ గీత పరిధిలో ఉండే అవకాశం సుమారు 68 శాతం. మూడే ఉంటే అది 58 శాతానికి పడిపోతుంది. గీత చూసి ఈ తేడా కనిపెట్టలేం. 95 శాతం అవధికి స్టాండర్డ్ ఎర్రర్‌ను టీ పట్టికలోని అంకెతో గుణిస్తాం. మూడు నమూనాలుంటే ఆ అంకె 4.30, తొమ్మిదుంటే 2.31. అంటే నమూనాలు తక్కువగా ఉన్నందుకు చెల్లించాల్సిన మూల్యం గీత పొడవులోనే కనిపిస్తుంది. మన మొదటి గుంపుకి అది 12.4కి అటూ ఇటూ సరిగ్గా ఒక సెంటీమీటరు, 11.4 నుంచి 13.4 దాకా.

గీత పొట్టిగా ఉంటే చూడముచ్చటగా ఉంటుందన్న ఒకే కారణంతో స్టాండర్డ్ ఎర్రర్ ఎంచుకోవడం ప్రయోగశాలల్లో పాత అలవాటు. ఇది నాకు నచ్చని అలవాటు. ఆ గీతను ఏ ప్రశ్న కోసం ఎంచుకున్నారో చెప్పగలిగితే అందులో తప్పేమీ లేదు. చెప్పలేకపోతే, మొక్కల్లో ఉన్న నిజమైన తేడాను చదివేవాళ్ల కంటికి కనపడకుండా చేసినట్టే.

అంతకంటే పెద్ద చిక్కు సంఖ్యతో వస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్ సంఖ్య వర్గమూలంతో భాగింపబడుతుంది కాబట్టి, ఆ సంఖ్య దేన్ని లెక్కపెడుతోందన్నది తేల్చుకోవాలి. మొదటి గుంపులో ఒక్కో మొక్కని స్కేలుతో మూడేసిసార్లు కొలిచి, ఇరవై ఏడు అంకెలు కంప్యూటర్లో ఎక్కించామనుకోండి. మూడుసార్లూ అదే అంకె వచ్చినా, స్టాండర్డ్ ఎర్రర్ 0.44 నుంచి 0.24కి దిగిపోతుంది. కొత్త మొక్క ఒక్కటీ నాటలేదు, పెసర గురించి కొత్త సంగతి ఒక్కటీ తెలియలేదు, అయినా గీత సగానికి దగ్గరైంది. మూడు కొలతల్నీ ఆ మొక్కకి ఒక సగటుగా మార్చి, తొమ్మిది అంకెలతోనే లెక్క చేయాలి.

ఇంకా లోతైన రూపం ఒకటుంది. తొమ్మిది గింజల్నీ ఒకే ట్రేలో నాటి, ఆ ట్రేకి ఉప్పునీళ్లు, పక్క ట్రేకి మామూలు నీళ్లు పోసి ఉంటే, ఉప్పు వేసింది మొక్కకి కాదు, ట్రేకి. ఒక ట్రే కిటికీకి దగ్గరగా ఉందేమో, దానిలో మట్టి కాస్త గట్టిగా ఉందేమో. ఉప్పు ప్రభావాన్నీ ట్రే ప్రభావాన్నీ విడదీయలేం. అక్కడ సంఖ్య తొమ్మిది కాదు, ఒకటి. కణాల పెంపకంలో ఒకే డిష్‌లోని వందలాది కణాల్ని కొలిచి ఆ వందల్ని సంఖ్యగా వేయడం కూడా ఇదే పొరపాటు. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ పర్యావరణ ప్రయోగాల్లో దీన్ని విడమరచి చూపించి, సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టాడు. మనం కప్పుకి ఒక్క గింజే నాటడానికి కారణం ఇదే. ఆ కప్పుల్ని కూడా ఒక వరుస ఇటు, ఒక వరుస అటు అని కాకుండా కలగలిపి పెట్టాలి.

గుంపుకి మూడు, నాలుగు, అయిదు నమూనాలే ఉంటే అసలు గీతల మీద ఆధారపడకూడదు. ప్రతి కొలతనీ ఒక చుక్కగా పెట్టి, సగటు దగ్గర చిన్న అడ్డగీత గీస్తే చాలు. మూడు అంకెల్ని దాచి వాటి స్థానంలో ఒక కమ్మీ, ఒక గీత చూపించాల్సిన అవసరం ఏముంది? చుక్కలుంటే ఒక్క వింత కొలత సగటును ఎటు లాగిందో కూడా తెలుస్తుంది. అంకెలు ఒక పక్కకి ఒరిగిన చోట కూడా చుక్కలే మేలు. బ్యాక్టీరియా కాలనీల లెక్కలో సగటు 40, స్టాండర్డ్ డీవియేషన్ 55 వచ్చిందనుకోండి. గీత సున్నా కిందికి పోతుంది. సున్నా కన్నా తక్కువ కాలనీలు ఉండవు. గీత అలా దిగిందంటే, ఒకటి రెండు ప్లేట్లలో కాలనీలు విపరీతంగా పెరిగి మిగతావాటిలో కొద్దిగానే ఉన్నాయని అర్థం. అప్పుడు లాగరిథంలోకి మార్చి గీయడమో, చుక్కలు చూపడమో చేయాలి.

కంప్యూటర్లో చేసేటప్పుడు ఒక ఉచ్చు గురించి తప్పక చెప్పాలి. ఎక్సెల్‌లో మొక్కల పొడవులు B2 నుంచి B10 వరకు ఉంటే, స్టాండర్డ్ డీవియేషన్, స్టాండర్డ్ ఎర్రర్ ఇలా వస్తాయి:

```
=STDEV.S(B2:B10)
=STDEV.S(B2:B10)/SQRT(COUNT(B2:B10))
```

ఇంతవరకు బాగానే ఉంది. కానీ సగటులతో గ్రాఫు వేసి, మెనూలో Error Bars కింద Standard Error అని కనిపించేదాన్ని నొక్కితే మన మొక్కల స్టాండర్డ్ ఎర్రర్ రాదు. గ్రాఫులో ఉన్నవి రెండు సగటులే, మొక్కల పొడవుల సంగతి గ్రాఫుకి తెలియదు. ఎక్సెల్ ఆ సగటుల మధ్య లెక్క కట్టి, అన్ని కమ్మీలకీ ఒకే పొడవు గీత అతికిస్తుంది. అక్కడే ఉన్న Standard Deviation దీ ఇదే కథ. ఏ రిపోర్టులోనైనా అన్ని గీతలూ అచ్చంగా ఒకే పొడవు కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. సరైన దారి Custom ఎంచుకుని, Specify Value లో మనం పై సూత్రాలతో లెక్కించిన గడుల్ని చూపించడం. పైథాన్ వాడేవాళ్లకి సీబార్న్‌లో ఇంకో సంగతి. అందులో barplot ఏమీ చెప్పకపోతే 95 శాతం అవధి గీస్తుంది. స్టాండర్డ్ డీవియేషన్ కావాలంటే `errorbar="sd"` అని, స్టాండర్డ్ ఎర్రర్ కావాలంటే `errorbar="se"` అని అడగాలి. సాఫ్ట్‌వేర్ దానంతట అది గీసినదాన్ని తెలుసుకోకుండా రిపోర్టులో పెడితే, కింద ఏం రాయాలో కూడా తెలియదు.

ఇక ఆ కింద రాయాల్సిన సంగతి. గీత ఏమిటి, సంఖ్య ఎంత, ఆ సంఖ్య దేనిది, ఇవి మూడూ ఉండాలి. మన ప్రయోగానికి నేనైతే ఇలా రాస్తాను: "7వ రోజున పెసర మొక్కల పొడవు. కమ్మీల ఎత్తు సగటు, గీతలు స్టాండర్డ్ డీవియేషన్. ఒక్కో గుంపులో 9 మొక్కలు, కప్పుకి ఒక్కటి. చుక్క ఒక్కోటి ఒక్కో మొక్క." పోలిక కోసం గీతలు మార్చితే స్టాండర్డ్ డీవియేషన్ అన్న చోట 95 శాతం విశ్వసనీయతా అవధి అని వస్తుంది, మిగతాదంతా అదే. "12.4 ± 1.3" అని మాత్రం రాసి వదిలేయడం చాలదు. ఆ ± గుర్తు తర్వాత వచ్చేది ఏదైనా కావచ్చు. ఒక రిపోర్టులో కొన్ని పట్టికల్లో ఒకటి, కొన్ని గ్రాఫుల్లో ఇంకొకటి ఉన్నా తప్పు లేదు, ప్రతి చోటా పేరు చెబితే చాలు. మొదట్లో ఒక్కసారి చెప్పి ఊరుకుంటే, మధ్యలో ఒక్క గ్రాఫే చూసేవాళ్లకి అది అందదు.

పేరు లేని గ్రాఫు ఎదురైతే కొంత ఆరా తీయొచ్చు. పెసర మొక్కల సగటు 12 సెంటీమీటర్లు, గీత 0.4, గుంపుకి 9 మొక్కలు అని ఉందనుకోండి. గీత స్టాండర్డ్ డీవియేషన్ అయితే మొక్కల మధ్య తేడా సగటులో మూడు శాతమే. నాటిన వారం మొక్కలు అంత క్రమశిక్షణగా పెరగవు. స్టాండర్డ్ ఎర్రర్ అయితే తొమ్మిది వర్గమూలంతో గుణించగా 1.2 వస్తుంది, అంటే పది శాతం, ఇది నమ్మదగిన సంగతి. రిపోర్టులో టీ విలువ ఇచ్చి ఉంటే దాన్నుంచి వెనక్కి లెక్కించి ఇంకా గట్టిగా చెప్పొచ్చు. సంఖ్య కూడా ఇవ్వకపోతే ఈ దారులన్నీ మూసుకుపోతాయి.

ఇలా మూసుకుపోయిన గ్రాఫుల వల్ల నష్టం ఆ రిపోర్టుతోనే ఆగదు. ఒకే ప్రశ్న మీద జరిగిన ఎన్నో ప్రయోగాల్ని కలిపి ఒక తీర్పు చెప్పే సమీక్షలు వైద్యంలో, వ్యవసాయంలో వస్తుంటాయి. వాటిలో ప్రతి ప్రయోగం ప్రభావాన్నీ స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించి ఒకే కొలమానంలోకి తెస్తారు. మన ఉప్పు ప్రయోగంలో 1.6ను సుమారు 1.26తో భాగిస్తే 1.3 వస్తుంది. పేరు లేని గీతను చూసి ఎవరైనా 0.42నే స్టాండర్డ్ డీవియేషన్ అనుకుంటే జవాబు 3.8 అవుతుంది, మూడింతలు. వైద్య సమీక్షలు చేసేవాళ్లు అనుసరించే కాక్రేన్ హ్యాండ్‌బుక్ ఈ పొరపాటు గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. సమీక్ష రాసేవాళ్లు ఏళ్ల తరవాత ఆ గ్రాఫు ముందు కూర్చుని, ప్రయోగం చేసినవాళ్లకి ఉత్తరం రాసి అడగాల్సి వస్తుంది. జవాబు రాకపోతే ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టేస్తారు.